కోత పడింది.. జమ ఏది?

ఫిబ్రవరి వచ్చిందంటే వికారాబాద్, తాండూరు బడుల స్టాఫ్ రూముల్లో పదో తరగతి పరీక్షల ముచ్చట కాసేపు పక్కకు పోతుంది. ఎవరికి ఎంత పన్ను పడింది, ఎల్ఐసీ రసీదు ఎవరి దగ్గర దొరకడం లేదు, ఇంటి లోను సర్టిఫికెట్ బ్యాంకు ఎప్పుడిస్తుంది అన్నదే మాట. వాట్సాప్‌లో తిరిగే ఎక్సెల్ షీటులో అంకెలు నింపి, ప్రింటు తీసి, సంతకం పెట్టి డీడీవోకు ఇస్తారు. జీతం బిల్లు చేసే అధికారే డీడీవో. హైస్కూలు టీచర్లకు హెడ్మాస్టరు, ప్రైమరీ టీచర్లకు చాలాచోట్ల ఎంఈవో. ఏడాది పన్నులో మిగిలిన బాకీ మొత్తం ఆ ఒక్క నెల జీతంలోంచి పోతుంది. బిల్లు సబ్ ట్రెజరీకి వెళ్తుంది, పాసవుతుంది. టీచరు దృష్టిలో పన్ను కథ అక్కడితో ముగిసినట్టే.

కొందరికి మాత్రం ఎనిమిది నెలల తర్వాత అసలు కథ మొదలవుతుంది. బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్ నుంచి మెయిల్ వస్తుంది. తెరిచి చూస్తే రెండు కాలమ్‌లు. ఒకదానిలో మీరు రిటర్నులో చూపిన లెక్క, పక్కదానిలో శాఖ వేసుకున్న లెక్క. జీతం రెండింట్లోనూ ఒకటే. పన్ను కూడా ఒకటే. టీడీఎస్ గడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం అంకె మారిపోతుంది. కింద కట్టాల్సిన సొమ్ము, దాని మీద వడ్డీ.

ఒక లెక్క తీసుకుందాం. మనుషులు ఊహించినవాళ్లే కానీ లెక్క నడిచే తీరు మాత్రం అచ్చంగా ఇదే. తాండూరు మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు టీచరు. 2023-24లో పాత పద్ధతి ప్రకారం ఆమె పన్ను ఆదాయం 7,96,150 రూపాయలు. సెస్సుతో కలిపి పన్ను 74,600. మార్చి జీతం నుంచి జనవరి జీతం దాకా నెలకు మూడు వేల చొప్పున 33,000 కోశారు. మిగిలిన 41,600 ఫిబ్రవరి బిల్లులో కోశారు. అణా పైసలతో సహా పన్ను పూర్తయింది. జూలైలో రిటర్ను వేసింది. అక్టోబరులో వచ్చిన ఇంటిమేషన్‌లో మాత్రం శాఖ ఆమె పేరు మీద ఒప్పుకున్న టీడీఎస్ 27,000 రూపాయలే. తేడా 47,600. వడ్డీలతో కలిపి 53 వేల పైచిలుకు కట్టమని డిమాండు.

ఆ 47,600 ఎక్కడిది? ప్రభుత్వ జీతాల్లో మార్చి జీతం ఏప్రిల్ ఒకటిన చేతికొస్తుంది కాబట్టి పన్ను ఏడాది మార్చి జీతంతో మొదలై ఫిబ్రవరి జీతంతో ముగుస్తుంది. అంటే డిసెంబరు, జనవరి జీతాల్లో కోసిన ఆరు వేలు, ఫిబ్రవరి బిల్లులో కోసిన 41,600 కలిసి చివరి త్రైమాసికంలో పడ్డాయి. మొత్తం 47,600. తప్పిపోయింది సరిగ్గా నాలుగో త్రైమాసికమేనని అంకెను చూడగానే తెలిసిపోతుంది. తేడా అంకెను ఇలా నెలలకు, త్రైమాసికాలకు సరిపోల్చి చూడటమే మొదటి పని. చాలామంది ఇది చేయకుండానే ఆడిటరు దగ్గరకు పరిగెత్తుతారు, లేదంటే భయపడి డబ్బు కట్టేస్తారు.

జీతంలో కోసిన సొమ్ము టీచరు పాన్ ఖాతాలో కనిపించాలంటే రెండు వేర్వేరు కాగితాలు ఒకదానితో ఒకటి కలవాలి. ఒకటి ట్రెజరీ పంపేది. ఫలానా డీడీవో ఈ నెలలో ఇంత పన్ను కోశారని ట్రెజరీ నెలనెలా 24జీ అనే ఫారం దాఖలు చేస్తుంది. ప్రభుత్వ కార్యాలయాల పన్ను బ్యాంకు చలానా లేకుండా పుస్తక సర్దుబాటుతో జమవుతుంది కాబట్టి, చలానా నంబరుకు బదులు బిన్ అనే గుర్తింపు వస్తుంది. 24జీ రసీదుకు ఏడంకెల నంబరు, డీడీవోకు ఐదంకెల వరుస సంఖ్య, తేదీ కలిస్తే అదే బిన్. రెండో కాగితం డీడీవో పంపేది. మూడు నెలలకోసారి 24క్యూ అనే స్టేట్‌మెంటులో ఆ బిన్ వేసి, దాని కింద ఏ టీచరుకు ఎంత కోశారో పాన్ నంబర్లతో సహా రాయాలి. చివరి త్రైమాసికానిది మే 31లోగా దాఖలు చేయాలి. ట్రెజరీ చెప్పేది మొత్తం సొమ్ము గురించే. అందులో ఎవరి వాటా ఎంతో చెప్పేది డీడీవో ఒక్కరే. ఆయన రాయకపోయినా, తప్పు రాసినా సొమ్ము సర్కారు ఖజానాలోనే ఉంటుంది కానీ ఎవరి పేరునా పడదు. లేదంటే ఇంకొకరి పేరున పడుతుంది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడం. దీనికి 26ఏఎస్ చాలు. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోంచి దింపుకుని చూస్తే మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆ త్రైమాసికం బడిలో ఎవరికీ కనిపించకపోతే డీడీవో స్టేట్‌మెంటే దాఖలు చేయలేదన్నమాట. పక్క టీచర్లందరికీ కనిపించి ఒక్కరికే లేకపోతే, ఆ ఒక్కరి పాన్ తప్పు పడి ఉంటుంది. వరుసలు ఉండి, స్టేటస్ గడిలో `F` బదులు `U` ఉంటే డీడీవో రాసిన బిన్ ట్రెజరీ చెప్పినదానితో కలవలేదని. `P` ఉంటే ప్రభుత్వ కార్యాలయానికి తాత్కాలికంగా ఇచ్చిన జమ, ఇంకా ఖరారు కాలేదని. మన టీచరు విషయంలో పక్క సీటు లెక్కల సారుకు నాలుగు త్రైమాసికాలూ ఉన్నాయి. ఆమెకు చివరిది లేదు. అంటే పాన్ తప్పు. పది అక్షరాల పాన్‌లో ఒక అంకె అటుది ఇటు పడితే చాలు.

ఇక్కడ ఫారం-16 గురించి ఒక మాట. దానికి రెండు భాగాలుంటాయి. పార్ట్-బి జీతం, మినహాయింపుల లెక్క. పార్ట్-ఏ త్రైమాసికాల వారీగా కోత, జమ, రసీదు నంబర్లు. పార్ట్-ఏ ట్రేసెస్ వెబ్‌సైటు నుంచే దిగాలి, దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఎక్సెల్ షీటు నుంచి ప్రింటు తీసి, ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి ఇచ్చిన పత్రం చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ అందులో ఉన్నది డీడీవో కోసిన లెక్కే తప్ప శాఖకు చేరిన లెక్క కాదు. మన టీచరు 74,600 రాసింది అలాంటి కాగితం చూసే. ఆమె రాసింది తప్పేమీ కాదు. పార్ట్-ఏ చేతిలో ఉండుంటే ఈ తేడా జూన్‌లోనే బయటపడేది, అంతే. బదిలీ అయినవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. 2024 జూన్, జూలైల్లో జరిగిన టీచర్ల బదిలీల్లో తాండూరు నుంచి వికారాబాద్‌కు వచ్చినవారికి ఆ ఏడాది ఇద్దరు డీడీవోలు, రెండు టాన్ నంబర్లు, రెండు ఫారం-16లు. రెండో బడి పత్రం ఒక్కటే పట్టుకుని రిటర్ను వేస్తే తేడా రాక తప్పదు.

ఇక ఈ తప్పు సరిచేయమని రాయాల్సిన ఉత్తరం సంగతి. ఈ ఉత్తరానికి ఢిల్లీలో ఒక పెద్దన్న ఉన్నాడు. 2012 ఏప్రిల్ 30న ఆనంద్ ప్రకాశ్ అనే చార్టర్డ్ అకౌంటెంటు ఢిల్లీ హైకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. కోసినవాళ్లు వివరాలు సరిగా ఎక్కించకపోవడం వల్ల పన్ను కట్టినవాళ్లకు జమ దక్కడం లేదని, పైగా డిమాండ్లు వేసి, రావాల్సిన రిఫండ్లలో సర్దేసుకుంటున్నారని అందులో మొరపెట్టుకున్నారు. కోర్టు ఆ ఉత్తరాన్నే ప్రజాహిత వ్యాజ్యంగా తీసుకుంది. 2013 మార్చి 14న తీర్పు వచ్చింది. దాని వెంట ప్రత్యక్ష పన్నుల బోర్డు అదే ఏడాది జూలై 8న 5/2013 నంబరు ఆదేశం ఇచ్చింది. పన్ను చెల్లింపుదారు టీడీఎస్ సర్టిఫికెట్ వంటి ఆధారాలతో వస్తే, కోసినవారు ఆ సొమ్మును ప్రభుత్వ ఖాతాలో వేశారో లేదో అధికారి సరిచూడాలి. వేసి ఉంటే జమ ఇవ్వాలి. అవసరమైతే సవరణ స్టేట్‌మెంటు వేయమని కోసినవారికి నోటీసు కూడా ఇవ్వొచ్చు. ‘26ఏఎస్‌లో లేదు కాబట్టి లేదు’ అనేది చివరి మాట కాదని ఈ ఆదేశం తేల్చింది.

చట్టంలోనే ఇంకో అండ ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్. మూలం వద్ద పన్ను కోసేశాక, కోసినంత మేర మళ్లీ ఆ మనిషినే కట్టమనడానికి లేదు. కోసిన యజమాని ఖజానాలో వేయకుండా ఎగ్గొట్టినా సరే, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని బొంబాయి హైకోర్టు యశ్‌పాల్ సహ్ని కేసులో 2007లో చెప్పింది. మన టీచరు పరిస్థితి అంతకన్నా నయం. ఆమె సొమ్ము ఖజానాలోనే ఉంది.

అయినా మొదటి ఉత్తరం శాఖకు రాయకూడదు. హెడ్మాస్టరుకు రాయాలి. ఆయన ట్రేసెస్‌లోకి వెళ్లి ఆ త్రైమాసికం 24క్యూకు సవరణ వేసి పాన్ సరిచేస్తే, కొద్ది రోజుల్లో 47,600 ఆమె 26ఏఎస్‌లోకి వచ్చేస్తుంది. అప్పుడు పోర్టల్‌లో `Rectification` కింద `Tax Credit Mismatch Correction` ఎంచుకుంటే బెంగళూరులోనే డిమాండు రద్దవుతుంది. ఏ అధికారినీ కలవాల్సిన పని లేదు. ఈ వరుస తప్పితేనే తిప్పలు. సవరణ పడకముందే సరిదిద్దమని కోరితే యంత్రం మళ్లీ అదే 26ఏఎస్ చూసి అదే జవాబిస్తుంది. రివైజ్డ్ రిటర్ను వేసినా లాభం లేదు. ఆమె రిటర్నులో తప్పు ఉంటే కదా, దాన్ని మార్చడానికి!

హెడ్మాస్టరు దగ్గరే బండి ఆగిపోయే సందర్భాలు తక్కువేం కాదు. ఆ ఏడాది డీడీవోగా ఉన్నవారు రిటైరైపోతారు. కొత్తగా వచ్చినవారు ‘అది నా టైములోది కాదమ్మా’ అంటారు. ట్రేసెస్ లాగిన్ పాతవారి పేరు మీద, ఓటీపీ పాతవారి ఫోనుకు. 24క్యూలు వేసేది బయటి ఆపరేటరైతే, ఆయన్ను మళ్లీ వెతికి పట్టుకోవాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు పడుతుందన్న భయం కూడా డీడీవోలకు ఉంటుంది. కానీ ఆ ఫీజు స్టేట్‌మెంటు అసలు ఆలస్యంగా వేసినందుకే. వేసినదాన్ని సవరించినందుకు కాదు. ఈ సంగతి మర్యాదగా చెబితే సగం పని అయిపోతుంది. మిగతా సగానికి గడువు చూపించొచ్చు. సవరణ స్టేట్‌మెంట్లకు ఒకప్పుడు గడువే ఉండేది కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఆరేళ్లన్నారు. 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం దాన్ని రెండేళ్లకు కుదించింది. ఆ లెక్కన 2023-24 చివరి త్రైమాసికాన్ని 2027 మార్చి 31లోపే సరిచేయాలి. 154వ సెక్షన్ కింద సవరణ కోరడానికి టీచరుకు మాత్రం ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్లు, అంటే 2029 మార్చి 31 దాకా సమయం ఉంది. ఆమె గడువు కంటే ఆయన గడువు రెండేళ్ల ముందే తీరిపోతుంది.

డీడీవో దగ్గర పని కాకపోయినా, సవరణ అధికారం స్థానిక అధికారికి బదిలీ అయిందని పోర్టల్ చెప్పినా అప్పుడు మదింపు అధికారికి ఉత్తరం రాయాలి. ఏ అధికారి పరిధిలో ఉన్నామో పోర్టల్‌లో `Know Your AO` దగ్గర పాన్ కొడితే తెలుస్తుంది. ఉండే ఊరిని బట్టి ఊహించుకోవద్దు. పాన్ తీసుకున్నప్పటి చిరునామా పాతదైతే ఫైలు ఇంకో ఊరి అధికారి దగ్గర ఉండొచ్చు.

ఉత్తరంలో బాధ చెప్పుకోవడానికి చోటు లేదు. అధికారి చూసేవి మూడే. నిజంగా కోశారా? అది ఖజానాకు చేరిందా? చేరితే ఈమె పేరున ఎందుకు పడలేదు? జతపరిచే ప్రతి కాగితమూ ఈ మూడింటిలో ఒకదానికి జవాబు కావాలి. దేనికీ జవాబు కాని కాగితం ఫైలును లావు చేయడానికే. మన టీచరు రాయాల్సిన ఉత్తరం ఇలా ఉంటుంది:

తాండూరు,
తేదీ: ........

ఆదాయపు పన్ను అధికారి గారికి,

విషయం: మదింపు సంవత్సరం 2024-25. నా పాన్: ........ టీడీఎస్ 47,600 రూపాయలకు జమ ఇవ్వనందున సెక్షన్ 154 కింద ఇంటిమేషన్‌ను సవరించవలసిందిగా వినతి.

సూచిక: 1) రిటర్ను అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ........; 2) సెక్షన్ 143(1) ఇంటిమేషన్, నంబరు ........, తేదీ ........

అయ్యా,

నేను తాండూరు మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూలులో ఉపాధ్యాయురాలిని. పై సంవత్సరానికి నా జీతంలోంచి మొత్తం 74,600 రూపాయల పన్ను కోశారు. ఇంటిమేషన్‌లో 27,000 రూపాయలకే జమ ఇచ్చారు. తేడా 47,600 రూపాయలు. ఇది 2024 జనవరి - మార్చి త్రైమాసికంలో చెల్లించిన మూడు జీతాల్లో 3,000, 3,000, 41,600 రూపాయల చొప్పున కోసిన మొత్తం.

ఈ సొమ్ము ట్రెజరీ ద్వారా ప్రభుత్వ ఖాతాకు జమయింది. బిన్ వివరాలు డీడీవో ధ్రువపత్రంలో ఉన్నాయి. ఆ త్రైమాసికపు 24క్యూలో నా పాన్‌కు బదులు మరో నంబరు నమోదైనందున జమ నా 26ఏఎస్‌లో కనిపించడం లేదు. సవరణ కోరుతూ డీడీవోకు రాశాను. అది ఇంకా పూర్తి కాలేదు.

బోర్డు ఆదేశం 5/2013 ప్రకారం సరిచూసి 47,600 రూపాయలకు జమ ఇవ్వవలసిందిగా, దానిపై వేసిన వడ్డీతో సహా డిమాండును రద్దు చేయవలసిందిగా, అవసరమైతే సవరణకు డీడీవోకు నోటీసు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

జతపరిచినవి:
1. ఇంటిమేషన్ ప్రతి
2. రిటర్ను, అక్నాలెడ్జ్‌మెంట్
3. ఫారం-16
4. ఈ నెలలో దింపిన 26ఏఎస్
5. మూడు నెలల పే స్లిప్పులు, ఆ మూడు జీతాలు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు
6. టాన్, బిన్, 24క్యూ రసీదు నంబరు, తప్పుగా పడిన పాన్ తెలుపుతూ డీడీవో ఇచ్చిన ధ్రువపత్రం
7. డీడీవోకు నేను రాసిన లేఖ, ముట్టినట్టు సంతకంతో
8. పాన్ కార్డు ప్రతి

ఇట్లు,
........

ఈ ఎనిమిదింటిలో ఫైలును నిలబెట్టేది ఆరోదే. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు కోత నిజమని చూపిస్తాయి. సొమ్ము ఖజానాకు చేరిందని, ఎందుకు కనిపించడం లేదని చెప్పగలిగేది డీడీవో ఒక్కరే. అందుకే సవరణ వేయడానికి వెనకాడే హెడ్మాస్టరును కూడా ఈ ఒక్క పేజీ ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి. ఆయనకు లాగిన్ లేకపోయినా 24క్యూ ఆఫీసు కాపీ, ట్రెజరీ నుంచి వచ్చిన బిన్ ఉంటే రాసివ్వగలరు. తప్పుగా పడిన పాన్ అసలు ఉనికిలోనే లేని నంబరైతే ఇంకో ఆధారం దొరుకుతుంది. సరైన పాన్ లేదని భావించి 20 శాతం చొప్పున కోయాల్సిందంటూ డీడీవోకు ట్రేసెస్ నుంచి డిఫాల్టు నోటీసు వచ్చి ఉంటుంది. అందులో ఆ తప్పుడు వరుస అచ్చంగా కనిపిస్తుంది. ఆ నోటీసు ప్రతిని జతచేస్తే వాదనే అక్కర్లేదు. తప్పు పాన్ మరో మనిషిదైతే మాత్రం అధికారి జాగ్రత్త పడతారు. ఆ మనిషి ఈ సొమ్మును తన రిటర్నులో వాడుకున్నాడేమో చూస్తారు. అలాంటప్పుడు డీడీవో సవరణ లేకుండా పని జరగడం కష్టం.

ఇదంతా టీచర్లకే కాదు. తాండూరు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో లేబరు కాంట్రాక్టు చేసేవారికి బిల్లులో ఒక శాతం కోస్తారు. అక్కడ ఫారం-16ఏ ఉంటుంది. బిన్‌కు బదులు బ్యాంకు చలానా ఉంటుంది. బ్యాంకు శాఖకు ఏడంకెల కోడు, తేదీ, ఐదంకెల చలానా నంబరు. ఉత్తరంలో ఆ రెండు మాటలు మారితే చాలు, మిగతా నడక అదే.

ఉత్తరం ఇచ్చి ఊరుకోకూడదు. ఒక ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. 154వ సెక్షన్ దరఖాస్తును, అది అందిన నెల ముగిసినప్పటి నుంచి ఆరు నెలల్లో అధికారి తేల్చాలి. ఆ లెక్క ఈ ముద్ర నుంచే మొదలవుతుంది. ఈలోగా పోర్టల్‌లో `Response to Outstanding Demand` తెరిచి `Disagree with demand` ఎంచుకుని, సవరణ దరఖాస్తు పెండింగులో ఉందని రాసి ప్రతి జతచేయాలి. మౌనంగా ఉంటే డిమాండును ఒప్పుకున్నట్టు కాకపోయినా, ముప్పై రోజులు దాటాక నెలకు ఒక శాతం వడ్డీ లెక్కలో పెరుగుతూ పోతుంది. తర్వాతి ఏడాది రిఫండు వస్తే దాన్ని ఈ బాకీలో సర్దుకుంటామని 245వ సెక్షన్ కింద కబురు వస్తుంది. దానికి జవాబివ్వడానికి 21 రోజులు. మెయిల్ ఇన్‌బాక్స్‌లో చదవకుండా వదిలేసినవాళ్లు నష్టపోయేది సాధారణంగా ఇక్కడే.

సవరణ ఆర్డరు వచ్చాక రెండు గడులు చూసుకోవాలి. టీడీఎస్ గడిలో 74,600 ఉందా, వడ్డీ గడుల్లో సున్నా పడిందా. టీడీఎస్ జమ ఇచ్చి వడ్డీని మరిచిపోతే, దానికి మళ్లీ ఇదే 154 కింద ఇంకో చిన్న ఉత్తరం రాయాలి. ఈసారి జతచేయాల్సింది ఆ ఆర్డరు ప్రతి ఒక్కటే.